మొసలికి దగ్గరి చుట్టం తొండా, కోడా? క్లాడోగ్రామ్ ప్రశ్న, కీ మీద అనుమానం

నెట్_అభ్యర్థి

ఒక మోడల్ పేపర్‌లో ఈ బొమ్మ వచ్చింది. జంతువుల వరుస పేపర్‌లో ఉన్నట్టే ఉంచాను. కొమ్మలు చీలే చోట్లకు, అంటే నోడ్‌లకు, అంకెలు మాత్రం నేను వేసుకున్నవి.

```
 1─┬──────────────── కప్ప
   └─2─┬──────────── ఆవు
       └─3─┬─4─┬──── పాము
           │   └──── తొండ
           └─5─┬──── మొసలి
               └──── కోడి
```

దీని మీద రెండు ప్రశ్నలు అడిగారు. మొదటిది, మొసలికి అత్యంత సమీప ఉమ్మడి పూర్వీకుడు వీటిలో దేనితో ఉన్నాడు అని. నేను తొండ పెట్టాను, కీలో కోడి ఉంది. బొమ్మలో మొసలికి పైన తొండ, కింద కోడి సమానమైన ఎడంలోనే ఉన్నాయి కదా. పైగా మొసలికీ తొండకూ ఒంటినిండా పొలుసులు, నాలుగు కాళ్లు, పొడవాటి తోక. కోడికి ఏముంది?

రెండోది, మొత్తం ఆరింటిలో అన్నిటికన్నా ఇటీవలి ఉమ్మడి పూర్వీకుడు ఏ రెండు జాతులకు ఉన్నాడు అని. కీ ప్రకారం మొసలి–కోడి. అదే నిజమైతే పాము–తొండ ఎందుకు కాకూడదు? 4, 5 నోడ్‌లు రెండూ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి.

పాతమాస్టారు

బాబూ, ఇందులో తికమక ఏమీ లేదు. ఒక జంతువు నుంచి బయల్దేరి రెండో జంతువు దాకా గీతల వెంబడి నడువు, దారిలో ఎన్ని నోడ్‌లు తగిలాయో లెక్కపెట్టు. మొసలి నుంచి కోడికి ఒక్కటే నోడ్, 5. మొసలి నుంచి తొండకు 5, 3, 4, మొత్తం మూడు. తక్కువ తగిలినదే దగ్గరి చుట్టం. కీ సరిగ్గానే ఉంది. ఎన్నో ఏళ్లుగా పిల్లలకు ఇలాగే చెబుతున్నాం, అర నిమిషంలో జవాబు వస్తుంది.

కణుపు

మాస్టారూ, మొదటి ప్రశ్నకు మీ జవాబు సరైనదే. లెక్క మాత్రం అనుకోకుండా కలిసొచ్చింది. అదే లెక్క ఇదే బొమ్మలో ఆవు మీద వేసి చూడండి.

ఆవు నుంచి కప్పకు వెళ్తే 2, 1 తగులుతాయి, అంటే రెండు నోడ్‌లు. ఆవు నుంచి కోడికి వెళ్తే 2, 3, 5 తగులుతాయి, అంటే మూడు. మీ పద్ధతిలో ఆవుకు కోడి కన్నా కప్పే దగ్గరవుతుంది. కానీ ఆవూ కోడీ కలిసేది 2 దగ్గర, ఆవూ కప్పా కలిసేది 1 దగ్గర. 1 నుంచి పుట్టిన కొమ్మ మీదే 2 ఉంది కాబట్టి 2 తర్వాతిది. ఆవుకు కోడే దగ్గర, లెక్క తలకిందులైంది.

నోడ్‌లను లెక్కపెట్టడం కాదు, రెండు దారులు కలిసే నోడ్ ఏదో కనుక్కోవాలి. ఒక వేలు మొసలి మీద, ఒక వేలు తొండ మీద పెట్టి రెండింటినీ ఎడమకు, అంటే 1 వైపు, జరుపుకుంటూ రండి. వేళ్లు మొదటిసారి తాకేది 3 దగ్గర. ఇప్పుడు మొసలి మీద, కోడి మీద పెట్టండి. 5 దగ్గరే తాకుతాయి. తర్వాత అడగాల్సింది ఒక్కటే: 3 నుంచి బయల్దేరిన కొమ్మలో 5 ఉందా? ఉంది. అంటే 3 దగ్గరి పూర్వీకుడి సంతతిలోనే 5 దగ్గరి పూర్వీకుడు వచ్చాడు. 5 తర్వాతిది, కాబట్టి మొసలికి కోడి దగ్గర.

ఎప్పుడూ వేళ్లు చెట్టు వేరు వైపుకే, అంటే 1 వైపుకే కదలాలి. వేరు వైపు నడుస్తూ మధ్యలో వెనక్కి తిరిగి కొస వైపు వెళ్లిపోవడం వల్లే నోడ్‌లు ఎక్కువ తక్కువలయ్యాయి.

పాతమాస్టారు

ఆవు విషయం ఒప్పుకుంటాను. కానీ అది కప్ప కొమ్మ ఒంటరిగా ఉండబట్టి వచ్చిన ఇబ్బంది. మొసలి, తొండ, కోడి మధ్య అయితే లెక్క పనిచేసిందిగా? పరీక్షల్లో ఎక్కువగా ఇలాంటివే అడుగుతారు.

కణుపు

పనిచేసింది, బొమ్మ గీసినవాడు పక్షుల్లోంచి ఒక్క కోడినే తీసుకున్నాడు కాబట్టి. ఇంకో రెండు పక్షులను చేర్చి చూడండి. కోడి ఉన్నచోట ఇది పెడదాం, ఒక్కో బ్రాకెట్ జంట ఒక్కో నోడ్:

```
(నిప్పుకోడి,(బాతు,కోడి))
```

ఇప్పుడు మొసలి నుంచి కోడికి వెళ్లాలంటే 5 దాటాక ఇంకో రెండు నోడ్‌లు, మొత్తం మూడు. తొండకు కూడా మూడే. లెక్క ప్రకారం ఇద్దరూ సమానమైపోయారు. బాతుకూ కోడికీ మధ్య కంజు పిట్టను కోడి పక్కన చేరిస్తే కోడికి నాలుగు, తొండకు మూడు. అప్పుడు తొండే దగ్గరని తేలుతుంది. ఈలోగా మొసలీ కోడీ కలిసే చోటు మారిందా? లేదు, 5 అక్కడే ఉంది. మనం బొమ్మలో ఎన్ని జాతులు చూపించాం అన్నదాన్ని బట్టి మారిపోయే సంఖ్య చుట్టరికాన్ని కొలవలేదు.

పాతమాస్టారు

మ్. ఈ నిప్పుకోడి ఉదాహరణ బాగుంది. అయినా ఆరు కొసల బొమ్మకు నా పద్ధతి తొందరగా అవుతుందని అంటాను. ముందు లెక్కపెట్టి, అనుమానం వస్తే వేళ్లు పెట్టి చూసుకోమంటాను.

నెట్_అభ్యర్థి

అనుమానం ఎప్పుడు రావాలో తెలియకే కదా మాస్టారూ నేనిక్కడికి వచ్చింది :)

కణుపు గారూ, దారులు కలిసే చోటు అర్థమైంది. కానీ పక్కపక్కన ఉండటానికి ఏ విలువా లేదా? బొమ్మ గీసేవాళ్లు దగ్గరివాటినే పక్కపక్కన పెడతారు అనుకున్నాను.

కణుపు

అక్కచెల్లెళ్లలాంటి జంట తప్పకుండా పక్కపక్కన వస్తుంది, ఎందుకంటే గీతలు ఒకదాన్నొకటి దాటకూడదు. కానీ పక్కపక్కన ఉన్నవన్నీ అలాంటి జంటలు కావు. మీ బొమ్మలో తొండ–మొసలి పక్కపక్కన ఉన్నాయి, ఆవు–పాము కూడా. 3 దగ్గర కొమ్మలను పట్టుకుని పైది కిందకు, కిందది పైకి తిప్పండి:

```
 1─┬──────────────── కప్ప
   └─2─┬──────────── ఆవు
       └─3─┬─5─┬──── మొసలి
           │   └──── కోడి
           └─4─┬──── పాము
               └──── తొండ
```

ఇది అదే చెట్టు, చెప్పే విషయంలో అణువంత తేడా లేదు. ఇప్పుడు మొసలి పక్కన తొండ లేదు, ఆవు ఉంది. ఐదు నోడ్‌లలో ప్రతిదాన్నీ రెండు రకాలుగా గీయొచ్చు కాబట్టి ఈ ఒక్క చెట్టుకే 32 బొమ్మలున్నాయి. మీ జవాబు ఆ 32లోనూ ఒకేలా ఉంటేనే అది చెట్టు నుంచి వచ్చిన జవాబు. బొమ్మతోపాటు మారితే అది గీసినవాడి చేతివాటం నుంచి వచ్చింది.

ప్రశ్నపత్రాలు తయారుచేసేవాళ్లకు ఇది బాగా తెలుసు. తొండను కావాలనే మొసలి పక్కన పెడతారు.

పొలుసుల సంగతి. పొలుసులు, నాలుగు కాళ్లు 5 దగ్గరో 4 దగ్గరో కొత్తగా పుట్టినవి కావు, అంతకు ముందు నుంచీ వస్తున్నవి. పాముకు కాళ్లు పోయాయి, కోడికి ముందుకాళ్లు రెక్కలయ్యాయి. పాత లక్షణం ఎవరి దగ్గర మిగిలిందన్నది ఎవరు దగ్గరివారో చెప్పదు. కోడి కాలి మీద పొలుసులు ఇప్పటికీ ఉన్నాయి, చూసే ఉంటారు. దీనికి ఎదురుగా మొసలికీ కోడికీ నాలుగు గదుల గుండె ఉంది, తొండకు పాముకు జఠరిక పూర్తిగా రెండుగా విడిపోలేదు. ఆవుకు కూడా నాలుగు గదులే కదా అంటారేమో, అది ఆవు వైపు విడిగా వచ్చింది. అందుకే ఒక్క లక్షణాన్ని పట్టుకుని చెట్టును వాదించకూడదు. బొమ్మ ఇచ్చి అడిగినప్పుడు జవాబు బొమ్మలో ఉంటుంది, జంతువు ఒంటి మీద కాదు.

సందేహి

అయితే కోడి మొసలి నుంచి వచ్చిందన్నమాట. మరి 5 దగ్గర ఉన్నది మొసలేనా? అప్పటి మొసలి ఇప్పటిదాకా మారకుండా ఉందా?

గోదారిగట్టు

గట్ల కాదు అన్నా. 5 కాడ ఉన్నది మొసలీ కాదు, కోడీ కాదు. ఆ జంతువు సంతతి రెండు పాయలుగ చీలింది. ఒక పాయ చివర ఇయ్యాల మొసలి ఉన్నది, ఇంకో పాయ చివర కోడి ఉన్నది. చీలినప్పటి నుంచి రెండు పాయలకూ నడిచిన కాలం ఒక్కటే. మొసలి అచ్చం పాతదాని తీరు కనిపిస్తదని దాన్ని తీసుకపోయి నోడ్ మీద కూసోబెట్టద్దు. క్లాడోగ్రామ్‌ల జంతువులు అన్నీ కొసలల్లనే ఉంటయి, శిలాజమైనా సరే.

దీనికి మన దగ్గరి ఉదాహరణే ఉన్నది. ప్రాణహిత–గోదావరి లోయల, పాత ఆదిలాబాద్ జిల్లా దిక్కు ఎర్రపల్లి పొరలని ఉన్నయి, మధ్య ట్రయాసిక్ కాలం నాటివి. అండ్ల దొరికిన యారాసూకస్ అనే జంతువుకు 2005ల పేరు పెట్టిన్రు. నాలుగు కాళ్ల మీద నడిచేది, మెడ పొడుగు. చూస్తే ఎవ్వలూ పక్షి దిక్కుది అనుకోరు. 2017ల టాంజానియాల దొరికిన ఎముకలకు టెలియోక్రేటర్ అని పేరు పెట్టినంక రెండూ ఒకే గుంపని తేలింది, ఆ గుంపు 5 నుంచి కోడి దిక్కు పోయే కొమ్మ మీద పడ్డది. అంటే యారాసూకస్‌కు ఇయ్యాల బతికున్నవాటిల మొసలి కన్నా కోడే దగ్గర. రూపం చూసి చెప్తే మాత్రం అందరం మొసలి అనే అంటుంటిమి.

సందేహి

యారాసూకస్ 5 నోడ్ అన్నమాట!

గోదారిగట్టు

కాదు తమ్మీ. 5 దాటినంక కోడి దిక్కు పోయే కొమ్మ మీద పక్కకు చీలిన ఒక కొస. కోడికి తాత కాదు, ఆ దిక్కు చుట్టం.

నెట్_అభ్యర్థి

మొదటి ప్రశ్న పూర్తయింది. రెండో ప్రశ్న సంగతి ఎవరూ చెప్పలేదు. ఆరు జాతుల జతలన్నీ రాసుకున్నాను. మొత్తం 15. ఏ జత ఏ నోడ్ దగ్గర కలుస్తుందో చూస్తే:

1 దగ్గర 5 జతలు, కప్పకు మిగతా ఐదింటితో. 2 దగ్గర 4 జతలు, ఆవుకు మిగతా నాలుగింటితో. 3 దగ్గర 4 జతలు. 4 దగ్గర పాము–తొండ ఒక్కటే. 5 దగ్గర మొసలి–కోడి ఒక్కటే.

చివరికి 4కూ 5కూ పోటీ. కీలో 5 అని ఎందుకిచ్చారో నాకు తెలియడం లేదు.

పాతమాస్టారు

రెండూ ఒకే నిలువు గీత మీద ఉన్నాయి కనుక రెండూ ఒకే కాలానివి. రెండు జవాబులూ ఒప్పుకోవాలి. కీలో ఒకటే ఇచ్చారంటే అచ్చు తప్పు అయి ఉంటుంది.

కణుపు

ఒకే కాలానివని కూడా చెప్పలేం మాస్టారూ. ఈ బొమ్మలో గీతల పొడవుకు ఏ అర్థమూ లేదు. కొసలన్నీ ఒక వరుసలో రావాలని గీసినవాడు సర్దుకున్న పొడవులవి. 4ను కాస్త కుడికి జరిపి గీసినా, ఎడమకు జరిపి గీసినా క్లాడోగ్రామ్ అదే.

రెండు నోడ్‌లలో ఏది ఇటీవలిదో ఈ బొమ్మ చెప్పగలిగేది ఒక్క సందర్భంలోనే: ఒకటి రెండోదాని సంతతిలో ఉన్నప్పుడు. 1, 2, 3 ఒకదాని తర్వాత ఒకటి వస్తాయి, అక్కడ అనుమానం లేదు. 3, 4 మధ్య లేదు, 3, 5 మధ్య లేదు. కానీ 4, 5 రెండూ 3 నుంచి విడిపోయిన వేర్వేరు కొమ్మల మీద ఉన్నాయి. ఒకే తాతకు పుట్టిన ఇద్దరు అన్నదమ్ములు వేర్వేరు ఇళ్లలో ఉన్నారు, ఇద్దరికీ పిల్లలున్నారు. వంశవృక్షం చూసి ఏ ఇంట్లో ముందు పిల్లలు పుట్టారో చెప్పమంటే చెప్పలేం, తేదీలు కావాలి. ఇద్దరూ తాత తర్వాతే తండ్రులయ్యారని మాత్రం ఖాయంగా చెప్పగలం.

కాబట్టి ఉన్న బొమ్మతో రెండో ప్రశ్నకు జవాబు: 13 జతలు పోటీలో లేవు, మిగిలిన రెండింటి మధ్య తేల్చలేం. “రెండూ సమానం” అనడం వేరు, “తేల్చలేం” అనడం వేరు.

గోదారిగట్టు

తేదీలు పెడితే ఇంకా మజా. మొసలి దిక్కు, పక్షి దిక్కు చీలిక యారాసూకస్ కన్నా ముందే అయి ఉండాలె, ఎందుకంటే అది అప్పటికే చీలిక దాటిన కొమ్మ మీద ఉన్నది. ఎర్రపల్లి పొరలు దగ్గరదగ్గర 24 కోట్ల ఏండ్ల నాటివి. అంటే 5 అంతకన్నా పాతది. తొండ–పాము చీలికకు గట్ల గట్టి శిలాజం చూపెట్టుడు కష్టం, గానీ డీఎన్‌ఏ మీద వేసిన లెక్కలల్ల చాలామట్టుకు 20 కోట్ల ఏండ్లకు ఇవతలనే వస్తది. అట్ల చూస్తే ఇటీవలిది 4. కీ ఇచ్చినాయన బొమ్మ మీద ఆధారపడితే జవాబే లేదు, భూమి చరిత్ర మీద ఆధారపడితే జవాబు ఉల్టా. రెండు రకాలుగ తప్పే.

నెట్_అభ్యర్థి

అంటే ఆబ్జెక్షన్ పెట్టొచ్చా?

పాతమాస్టారు

మోడల్ పేపర్‌కు ఆబ్జెక్షన్ ఏమిటి బాబూ. అసలు పరీక్షలో ఇలాంటిది వస్తే మాత్రం ప్రశ్న వేసినాయన మనసులో ఏముందో చూడాలి. “మొసలి–కోడి” అన్నది పిల్లలు తప్పు చేసే చోటు కనుక దాన్నే జవాబుగా అనుకుని ఉంటాడు. నేనైతే మార్కు కోసం అదే పెట్టమంటాను.

కణుపు

ఇక్కడ మాస్టారుతో ఏకీభవించను. నాలుగు ఆప్షన్లలో రెండు జంటలూ ఉంటే అది చెడ్డ ప్రశ్న, ఆబ్జెక్షన్ పెట్టాల్సిందే. ఆప్షన్లలో ఒక్క జంటే ఉండి మిగతావి ఆవు–కోడి, కప్ప–తొండలాంటివైతే ప్రశ్నలో లోపం లేదు, ఎందుకంటే 5 అనేది 2 సంతతిలోనూ 1 సంతతిలోనూ ఉంది. ముందు ఆప్షన్లు చూసి చెప్పండి.

నెట్_అభ్యర్థి

ఆప్షన్లు: కప్ప–ఆవు, పాము–తొండ, మొసలి–కోడి, తొండ–మొసలి.

కణుపు

అయితే చెడ్డ ప్రశ్నే.

కోడ్_గూడు

చేత్తో చూడటం విసుగైతే R లో ape ప్యాకేజీతో సరిచూసుకోవచ్చు. వంద కొసలున్న చెట్టుకు ఇదే దారి.

```
library(ape)
t <- read.tree(text="(kappa,(aavu,((paamu,tonda),(mosali,kodi))));")
getMRCA(t, c("mosali","kodi"))
getMRCA(t, c("mosali","tonda"))
```

మొదటిదానికి 11, రెండోదానికి 9 వస్తుంది. కొసలు ఆరూ 1 నుంచి 6 వరకు, వేరు 7, అక్కడి నుంచి లోపలి నోడ్‌లు. పెద్ద అంకె వచ్చిన జతే దగ్గరిది, అంతే.

కణుపు

చివరి వాక్యం దగ్గర ఆగండి. పాము–తొండకు ఇదే అడిగితే 10 వస్తుంది. 11 పెద్దది కాబట్టి మొసలి–కోడి ఇటీవలిది అంటారా? ఆ అంకెలు మీరు బ్రాకెట్లు టైప్ చేసిన వరుసను బట్టి వచ్చినవి. text లో రెండు జంటల స్థానాలు మార్చి రాస్తే 10, 11 కూడా తారుమారవుతాయి. నెట్_అభ్యర్థి గారి పేపర్ కీ ఇలాగే పుట్టిందేమోనని నా అనుమానం.

అంకెను కాకుండా సంతతిని అడగండి. 11 అనేది 9 కింద ఉందా లేదా అన్నదే ప్రశ్న. బ్రాకెట్లలో చూసినా తెలుస్తుంది: రెండు పేర్లనూ కలిపి మూసే అతి చిన్న బ్రాకెట్ జంటే వాటి ఉమ్మడి పూర్వీకుడు. ఒక బ్రాకెట్ ఇంకోదాని లోపల ఉంటే లోపలిది తర్వాతిది. పక్కపక్కన విడిగా ఉంటే ఏమీ చెప్పలేం.

చేపలల్యాబ్

కొంచెం పక్కదారి, మన్నించండి. మాది చెరువు చేపల మీద పని. బొచ్చె, శీలావతి, ఎర్రమోసు మూడింటి COI జన్యువు వరుసలతో చెట్టు కట్టాం. చెట్లను చూపించే FigTree ప్రోగ్రామ్‌లో తెరిస్తే శీలావతి, ఎర్రమోసు ఒక జంటగా, బొచ్చె విడిగా కనిపిస్తోంది. శీలావతి–ఎర్రమోసు దగ్గరివని రాసేయొచ్చా? కింద 0.02 అని స్కేల్ కూడా ఉంది, అది కోట్ల ఏళ్లా?

కణుపు

ముందు ఫైల్‌ను నోట్‌ప్యాడ్‌లో తెరిచి చూడండి. బ్రాకెట్లు ఎలా ఉన్నాయి? పొడవులు తీసేసి రాయండి.

చేపలల్యాబ్

```
(bocche,seelavati,erramosu);
```

కణుపు

అనుకున్నాను. ఈ చెట్టుకు వేరు లేదు. మూడూ ఒకే బ్రాకెట్‌లో ఉన్నాయి, లోపల ఏ జంటా లేదు. వేరు లేని మూడు కొసల చెట్టుకు ఒక్కటే ఆకారం సాధ్యం, కాబట్టి మీ డేటా ఏదైనా ఫలితం ఇదే వచ్చేది. తెర మీద మీకు జంట కనిపించిందంటే, చూపించే ప్రోగ్రామ్‌కు గీయడానికి ఎక్కడో ఒకచోట మొదలు కావాలి కాబట్టి లేదా మధ్యబిందువు దగ్గర వేరు పెట్టే ఆప్షన్ ఆన్‌లో ఉంది కాబట్టి. మధ్యబిందువు అంటే అతి పొడవైన దారికి నడిమధ్య వేరు పెట్టడం. అన్ని కొమ్మలూ ఒకే వేగంతో మారి ఉంటేనే అది నమ్మదగింది. బొచ్చె కొమ్మ తక్కినవాటి కన్నా వేగంగా మారి ఉంటే అది దూరపు చుట్టం కాకపోయినా విడిగా పడుతుంది.

వేళ్లు వేరు వైపు నడపాలన్నాను కదా, వేరు ఎక్కడుందో తెలియకపోతే ఎటు నడపాలో తెలియదు. ఈ మూడింటి గుంపుకు ఖాయంగా బయట ఉండే చేపను ఒకదాన్ని చేర్చండి. బంగారుతీగ సరిపోతుంది. అది కార్పు జాతే, కానీ మీ మూడూ ఉన్న గుంపులోది కాదు. మరీ దూరంగా వెళ్లి వాలుగనో కొర్రమీనునో తెస్తే COI లాంటి చిన్న వరుసలో ఒకే చోట మార్పు మీద మార్పు పడి, అసలు సంకేతం చెరిగిపోతుంది. నాలుగింటితో మళ్లీ చెట్టు కట్టి, FigTree లో బంగారుతీగ కొమ్మను ఎంచుకుని Reroot నొక్కండి. మిగిలిన మూడింట్లో ఏ రెండు ముందు కలుస్తాయో అప్పుడే చూడాలి.

0.02 కోట్ల ఏళ్లు కాదు. ఒక్కో స్థానానికి సగటున ఎన్ని మార్పులు జరిగాయన్న కొలత అది. పొట్టి కొమ్మలున్న జంట ఇటీవలిదని దాన్ని బట్టి చెప్పకండి, తక్కువ మారిన జంట అని మాత్రమే చెప్పండి.

నెట్_అభ్యర్థి

ఇంకొకటి అడుగుతాను. నా బొమ్మలో బల్లిని ఎక్కడ పెట్టాలి? తొండ పక్కనే కదా?

గోదారిగట్టు

అందరూ అక్కడ్నే పెడ్తరు. డీఎన్‌ఏ చెట్లల్ల మాత్రం బల్లి బయట పడ్తది, తొండ పాముతోని పోతది.

```
(బల్లి,(పాము,తొండ))
```

అంటే తొండకు గోడ మీది బల్లి కన్నా పామే దగ్గర. ఉడుము కూడా తొండ, పాముల గుంపులనే.

పాతమాస్టారు

ఇది మాత్రం నేను నమ్మను. ఎముకలు చూసి కట్టిన చెట్లలో తొండ కుటుంబం అన్నిటికన్నా ముందే విడిపోతుంది, బల్లీ పామూ ఉడుమూ మిగతా కొమ్మలో ఉంటాయి. నేను చదివింది అదే. ఎముకలన్నీ అబద్ధం చెబుతాయా?

కణుపు

మాస్టారు చెప్పింది గాలిమాట కాదు. ఎముకల చెట్టుకూ డీఎన్‌ఏ చెట్టుకూ ఇక్కడ నిజంగానే పడటం లేదు. తొండ, పాము, ఉడుము ఒక గుంపని విడాల్, హెడ్జెస్ 2005లో పేరు పెట్టి చెప్పారు, తర్వాత వచ్చిన పెద్ద డీఎన్‌ఏ చెట్లు ఎక్కువగా దాన్నే బలపరిచాయి. ఎముకల మీద ఎన్నో వందల లక్షణాలతో కట్టిన చెట్లలో తొండ వైపు గుంపు వేరు దగ్గరే విడిపోతుంది. పాముల్లా కాళ్లు పోయి బొరియల్లో తిరిగే జంతువుల తలలు విడివిడిగా ఒకే రకంగా మారతాయి, అది ఎముకల చెట్టును పక్కదారి పట్టిస్తుందని నేననుకుంటాను. అందరూ అలా అనుకోరు.

డీఎన్‌ఏ వైపు నిలబడినా ఆ గుంపు లోపల పాము, తొండ, ఉడుముల్లో ఏ రెండు ముందు కలుస్తాయన్నది అంత గట్టిగా లేదు. తొండ–ఉడుము జంట ఎక్కువసార్లు వస్తుంది, ఆ చీలికలు మాత్రం ఒకదాని వెంట ఒకటి త్వరగా జరిగిపోయాయి. జాగ్రత్తగా గీసేవాళ్లు ఒకే నోడ్ నుంచి మూడు కొమ్మలు తీస్తారు. మూడు కొమ్మల నోడ్ కనిపిస్తే మూడు జతలకూ బొమ్మ చూపేది ఆ ఒక్క నోడ్‌నే. వాటిలో దగ్గరి జంటను ఎంచమంటే ఎంచకూడదు.

చేపలల్యాబ్

బంగారుతీగను చేర్చి మళ్లీ నడిపాం. ఈసారి బొచ్చె–శీలావతి జంట వచ్చింది, ఎర్రమోసు బయట. ఆ నోడ్ మీద బూట్‌స్ట్రాప్ 46.

కణుపు

46 అంటే తిరిగి తీసిన నమూనాల్లో సగానికి పైగా ఆ జంట రాలేదన్నమాట. ఆ నోడ్‌ను మూసేసి మూడు కొమ్మలుగా గీయండి. COI ఒక్కటే ఇంతకన్నా చెప్పలేకపోవచ్చు, కేంద్రకంలోని జన్యువులు రెండు మూడు చేర్చి చూడండి. ఒక్కో చేపకు ఎన్ని నమూనాలు తీసుకున్నారు?

చేపలల్యాబ్

ఒక్కొక్కటే. అన్నీ హేచరీ పిల్లలు.

గోదారిగట్టు

హేచరీ పిల్లలా? అండ్ల బొచ్చె–శీలావతి సంకరాలు కలుస్తయి అన్నా. COI తల్లి దిక్కు నుంచే వస్తది, సంకరం చేపైతే అది తల్లి జాతినే చూపెడ్తది. ముందు నది చేపలు తెచ్చుకొని, ఒక్కో జాతికి నాలుగైదు నమూనాలు పెట్టి, అవి తమ జాతితోనే కలుస్తున్నయా చూడుండ్రి. తర్వాత చుట్టరికం అడగొచ్చు.